రెండు కొసలూ సరే, మధ్యలో గీత ఎందుకు ఉబ్బింది?

*ప్రశ్న: ఆర్డుయినో, రెండు సర్వోలతో బల్ల మీద గీతలు గీసే చిన్న రోబో చేయి చేశాను. భుజం నుంచి మోచేతికి 200 మి.మీ., మోచేతి నుంచి పెన్ను కొసకు 150 మి.మీ. భుజం ఇరుసు (0, 0) దగ్గర ఉంది. (250, -100) నుంచి (250, 100) వరకు తిన్నని గీత కావాలి. ఇన్వర్స్ కైనమాటిక్స్‌తో రెండు చివరలకూ కోణాలు కట్టి సర్వోలకు పంపుతున్నాను. రెండు చివరలకూ పెన్ను సరిగ్గానే చేరుతోంది. కానీ మధ్యలో గీత విల్లులా దాదాపు 2 సెం.మీ. బయటకు ఉబ్బుతోంది. సూత్రాలు ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు. చేయి పూర్తిగా చాచినప్పుడు మోచేయి గట్టిగా అదురుతోంది కూడా. రెండింటికీ కారణం ఒకటేనా?*

మీ సూత్రాల్లో తప్పు లేదు. మీరు ఇచ్చిన కొలతలతోనే లెక్క వేశాను. ఆ ఉబ్బు 19.3 మి.మీ. రావాలి, మీకు వస్తున్నదీ అంతే. చేయి మీరు చెప్పినట్టే చేస్తోంది. అయితే మీరు దానికి చెప్పింది రెండు చోట్ల గురించే, ఆ రెండింటి మధ్య దారి గురించి ఏమీ చెప్పలేదు. అదురు సంగతి వేరు, దానికి చివర్లో వస్తాను.

భుజం కోణాన్ని `t1`, మోచేయి కోణాన్ని `t2` అనుకుందాం. కోణాలు తెలిస్తే పెన్ను ఎక్కడుందో చెప్పేది ఫార్వర్డ్ కైనమాటిక్స్:

```
x = L1*cos(t1) + L2*cos(t1 + t2)
y = L1*sin(t1) + L2*sin(t1 + t2)
```

రెండో పదంలో `t1 + t2` ఎందుకు వచ్చిందంటే, మోచేయి సర్వో మొదటి కడ్డీ చివర కూర్చుని ఉంది. భుజం తిరిగితే అది కూడా కడ్డీతో పాటు తిరుగుతుంది. అందుకే మోచేయి కోణాన్ని బల్ల నుంచి కాక, మొదటి కడ్డీ నుంచి కొలుస్తాం. (మోచేయి మోటారును కింద పీఠం మీదే పెట్టి బెల్టుతోనో జంట కడ్డీలతోనో తిప్పే చేతులు కూడా ఉన్నాయి. వాటిలో రెండో కోణం బల్ల నుంచే వస్తుంది కాబట్టి సూత్రం మారిపోతుంది. ఎక్కడి నుంచైనా సూత్రం తెచ్చుకునే ముందు ఇది చూసుకోండి.)

ఇన్వర్స్ కైనమాటిక్స్ దీనికి తిరగలెక్క. పెన్ను ఎక్కడ ఉండాలో తెలుసు, కోణాలు కావాలి. మోచేయి కోణం ఒక్క విషయం మీదే ఆధారపడుతుంది: భుజం ఇరుసు నుంచి పెన్ను ఎంత దూరంలో ఉంది అన్నదాని మీద. పెన్ను ఏ దిక్కున ఉందో దానికి అక్కర లేదు. దిక్కు చూసుకోవడం భుజం పని. మీ సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

మీ రెండు చివరలనూ చూడండి. (250, -100) భుజం నుంచి 269.26 మి.మీ. దూరంలో ఉంది. (250, 100) కూడా సరిగ్గా అంతే దూరం. కాబట్టి రెండు చోట్లా మోచేయి కోణం ఒకటే, 80.41 డిగ్రీలు. భుజం మాత్రం -55.12 డిగ్రీల నుంచి -11.52 డిగ్రీలకు తిరగాలి. మీరు రెండో చివర కోణాలు పంపినప్పుడు మోచేయి సర్వోకు ఏ పనీ లేదు, అది ఉన్న కోణంలోనే ఉండమని చెప్పారు. భుజం ఒక్కటే 43.6 డిగ్రీలు తిరిగింది. మోచేయి బిగుసుకుని భుజం మాత్రమే తిరిగితే పెన్ను గీసేది వృత్తంలో ఒక చాపమే, దాని వ్యాసార్థం 269.26. మీకు కావలసిన గీత ఆ చాపానికి జ్యా. చాపం మధ్య బిందువు (269.26, 0), మీ గీత మధ్య బిందువు (250, 0). తేడా 19.26 మి.మీ.

మరి మధ్యలో చేయి ఎలా ఉండాలి? (250, 0) దగ్గర దూరం 250. మీ కడ్డీలు 200, 150. ఇది 3-4-5 త్రిభుజం, మేస్త్రీలు గోడ మూల సరిచూసుకోవడానికి వాడే లెక్కే. అంటే అక్కడ మోచేయి సరిగ్గా 90 డిగ్రీలు, భుజం -36.87 డిగ్రీలు. ఫార్వర్డ్ సూత్రంలో పెట్టి చూడండి: మొదటి కడ్డీ మిమ్మల్ని (160, -120)కి చేరుస్తుంది, రెండోది దానికి (90, 120) కలుపుతుంది, మొత్తం (250, 0). కాబట్టి తిన్నని గీత గీయాలంటే మోచేయి 80.41 నుంచి 90 దాకా మడుచుకుని, మళ్ళీ 80.41కి విచ్చుకోవాలి. మొదలూ చివరా ఒకే కోణం, మధ్యలో రాకపోకలు. రెండు చివరలను మాత్రమే చూస్తే ఈ రాకపోకలు లెక్కలోకే రావు.

మీరు ఎంచుకున్న గీత భుజానికి ఇటూ అటూ సమానంగా ఉంది కాబట్టి విషయం ఇంత శుభ్రంగా కనిపించింది. వేరే గీత అయితే రెండు సర్వోలూ కదిలేవి. చవక సర్వోలు దేనికదే తన పూర్తి వేగంతో పోతాయి కాబట్టి తక్కువ తిరగాల్సినది ముందే ఆగిపోయి, రెండోది ఒక్కటే మిగతా దారి పూర్తి చేసేది. అప్పుడు గీత మధ్యలో ఒక మలుపు కూడా కనిపించి, ఎక్కడ వెతకాలో తెలిసేది కాదు.

మందు ఏమిటంటే, గీతను ముక్కలు చేసి ప్రతి ముక్క చివరకూ విడిగా ఇన్వర్స్ లెక్క వేయడం. ఎన్ని ముక్కలు? ముక్క పొడవు సగమైతే దాని ఉబ్బు నాలుగో వంతుకు పడిపోతుంది. 200 మి.మీ. ముక్కకు 19 మి.మీ. ఉబ్బు ఉంటే, 20 మి.మీ. ముక్కకు 0.2 మి.మీ. లోపే ఉంటుంది. పెన్ను గీత మందమే అంతకంటే ఎక్కువ. కాబట్టి నిటారుతనం కోసమైతే పది ముక్కలు చాలు. కానీ నేను వంద పెట్టమంటాను, దానికి కారణం వేరు. సర్వోకు సంకేతం సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి అందుతుంది. ప్రతి సంకేతానికీ 2 మి.మీ. చొప్పున గీత 2 సెకన్లలో పూర్తవుతుంది. సర్వోకు ఒక్కసారిగా దూకే అవకాశం ఉండదు, వేగం మీ చేతిలో ఉంటుంది, రెండు కీళ్ళూ కలిసి నడుస్తాయి.

```cpp
const float L1 = 200, L2 = 150;
float t1, t2;

bool ik(float x, float y, float &t1, float &t2) {
  float c = (x*x + y*y - L1*L1 - L2*L2) / (2*L1*L2);
  if (c > 1 || c < -1) return false;
  float s = sqrt(1 - c*c);
  t2 = atan2(s, c);
  t1 = atan2(y, x) - atan2(L2*s, L1 + L2*c);
  return true;
}

for (int i = 0; i <= 100; i++) {
  if (!ik(250, -100 + 2.0*i, t1, t2)) break;
  shoulder.writeMicroseconds(us1(t1));
  elbow.writeMicroseconds(us2(t2));
  delay(20);
}
```

`us1`, `us2` అన్నవి రేడియన్లను ఆ సర్వో పల్స్‌గా మార్చే మీ సొంత ఫంక్షన్లు. ఇక్కడ `write()` వాడకండి. అది పూర్ణ సంఖ్య డిగ్రీలే తీసుకుంటుంది. మీ మోచేయి ఈ గీత అంతటా కదిలేది తొమ్మిదిన్నర డిగ్రీలే. దాన్ని పూర్ణ సంఖ్యలకు కుదిస్తే గీత తిన్నగా కాక మెట్లు మెట్లుగా వస్తుంది, ఒక్కో మెట్టు మధ్య ప్రాంతంలో 2 మి.మీ. వరకు ఉంటుంది. `writeMicroseconds()`తో డిగ్రీలో పదో వంతు వరకు చెప్పవచ్చు.

ఫ్యాక్టరీ రోబోల్లో ఈ రెండు రకాల కదలికలకూ రెండు వేర్వేరు ఆదేశాలు ఉంటాయి. ఏబీబీలో `MoveJ`, `MoveL`. కూకాలో `PTP`, `LIN`. మొదటిది కీళ్ళ కోణాల మధ్య నడిపిస్తుంది, అన్ని కీళ్ళూ ఒకేసారి ఆగేలా చూస్తుంది, కానీ కొస ఏ దారిన పోతుందో మాట ఇవ్వదు. రెండోది మనం పైన చేసిన పనినే లోపల చేస్తుంది. ఒక కర్మాగారంలో పెట్టెలోకి సీసాలు దించే రోబో దగ్గర ఇది నా కళ్ళ ముందే జరిగింది. పెట్టె పైన ఉన్న బిందువు సరే, లోపలి బిందువు సరే, రెండింటినీ నెమ్మదిగా పరీక్షించాం. మధ్యలో కదలిక మాత్రం కీళ్ళ పద్ధతిలో ఉండిపోయింది. పూర్తి పనిలోకి దించిన రోజు గ్రిప్పర్ పెట్టె అంచును ఢీకొట్టి వంగిపోయింది. గాలిలో దూరాలు దాటడానికి కీళ్ళ కదలికే మంచిది, వేగంగా, మెత్తగా పోతుంది. దేనికైనా దగ్గరగా వచ్చినప్పుడు మాత్రం గీత కదలిక తప్పదు.

ముక్కలు చేసిన తర్వాత గీత చాలా వరకు తిన్నబడుతుంది. కానీ సరిగ్గా మధ్యలో, (250, 0) దగ్గర, చిన్న నొక్కు కనిపిస్తుందని ముందే చెబుతున్నాను. దానికీ లెక్కే కారణం. కోణాల్లో చిన్న మార్పు వస్తే కొస ఎంత, ఎటు జరుగుతుందో చెప్పే పట్టికను జాకోబియన్ అంటారు. ఆ మధ్య బిందువు దగ్గర అది ఇలా ఉంటుంది:

```
dx =   0*dt1 - 120*dt2
dy = 250*dt1 +  90*dt2
```

దీన్ని నిదానంగా చదవండి. అక్కడ భుజం కొంచెం తప్పినా పెన్ను గీత వెంబడే జరుగుతుంది, గీత వంకర పోదు. మోచేయి ఒక డిగ్రీ తప్పితే మాత్రం పెన్ను గీత నుంచి పక్కకు 2.1 మి.మీ. తప్పుకుంటుంది. ఇంకోటి, గీత వెంబడి కదలాలంటే `dx` సున్నా కావాలి, అంటే ఆ క్షణంలో మోచేయి వేగం సున్నా. సెకనుకు 100 మి.మీ. వేగంతో గీస్తుంటే, మొదట్లో మోచేయి సెకనుకు 19 డిగ్రీలతో మడుచుకుంటూ వచ్చి, మధ్యలో ఆగి, వెనక్కి తిరుగుతుంది. ఆ మొత్తం సమయంలో భుజం వేగం 12 నుంచి 27 డిగ్రీలకు పెరుగుతుంది. కొస మాత్రం ఒకే వేగంతో పోతుంటుంది. కొస వేగం స్థిరంగా ఉంటే కీళ్ళ వేగం స్థిరంగా ఉంటుందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

వెనక్కి తిరిగే చోట ఏమవుతుంది? చవక సర్వో గేర్ల పళ్ళ మధ్య కొంత సందు ఉంటుంది. దిశ మారినప్పుడు ఆ సందు నిండేదాకా మోటారు తిరిగినా కడ్డీ కదలదు. మీ గీతలో మోచేయి దిశ మార్చేది ఒకే ఒక్కచోట, మధ్యలో. పైగా అదే మోచేయి తప్పు పూర్తిగా గీత పక్కకు కనిపించే చోటు. అందుకే నొక్కు అక్కడే వస్తుంది. అది కనిపిస్తే కోడ్‌లో వెతుకుతూ రాత్రులు గడపకండి. మోచేతి కడ్డీని ఒక వైపుకు మెల్లగా లాగి ఉంచేలా ఒక రబ్బరు బ్యాండు కట్టి చూడండి. నొక్కు తగ్గితే కారణం గేర్ల సందే.

ఇప్పుడు సున్నా కోణాల సంగతి. సర్వో కొమ్మును షాఫ్టు పళ్ళ మీద బిగిస్తాం కదా. 25 పళ్ళ షాఫ్టు అయితే ఒక పన్నుకు 14.4 డిగ్రీలు. ఎంత జాగ్రత్తగా బిగించినా 7 డిగ్రీల వరకు తేడా మిగిలిపోవచ్చు, దాన్ని కోడ్‌లో సరిచేయాల్సిందే. ఏ కీలులో తప్పుందో గీసిన బొమ్మే చెబుతుంది. భుజం సున్నా తప్పితే బొమ్మ ఆకారం చెడదు, మొత్తం బొమ్మ భుజం చుట్టూ కొంత తిరిగి పడుతుంది, అంతే. మోచేయి సున్నా తప్పితే దూరాలే తప్పుతాయి, గీత వంగుతుంది, చతురస్రం గీస్తే దాని నాలుగు వైపులూ కుదరవు.

అందుకే ముందు మోచేయిని సరిచేయండి. మీ కడ్డీల కొలతలు ఇందుకు చక్కగా కలిసివచ్చాయి. మోచేయికి 90 డిగ్రీలు పంపి, భుజం ఇరుసు మధ్య నుంచి పెన్ను కొసకు స్కేలుతో కొలవండి. 250 మి.మీ. రావాలి. 254 వస్తే మోచేయి దాదాపు రెండు డిగ్రీలు తక్కువ మడిచింది. `us2`లో ఆ తేడా కలిపి మళ్ళీ కొలవండి. దీనికి ముందు కడ్డీలను ఇరుసు నుంచి ఇరుసుకు కొలిచారా లేక కడ్డీ చివరి నుంచి చివరకా అని ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కడ్డీ పొడవు తప్పు కూడా ఈ కొలతలోనే కలిసిపోతుంది. మోచేయి కుదిరాక, పెన్నును (250, 0)కి పంపి అది x అక్షం మీద పడేదాకా భుజం సున్నాను జరపండి. ఈ వరుస తిప్పితే పని కాదు. మోచేయి తప్పుగా ఉండగా భుజాన్ని సరిచేస్తే ఆ ఒక్క బిందువు కుదురుతుంది, మిగతావన్నీ చెడతాయి.

ఇక చాచినప్పటి అదురు. మీ చేయి చేరగలిగే గరిష్ఠ దూరం 350 మి.మీ. అక్కడ మోచేయి సున్నా డిగ్రీలు. 349 దగ్గర ఎంతో లెక్క వేయండి: 8.75 డిగ్రీలు. ఆఖరి ఒక్క మిల్లీమీటరు కోసం మోచేయి దాదాపు తొమ్మిది డిగ్రీలు తిరగాలి. అదే 250 దగ్గర ఒక మిల్లీమీటరుకు అర డిగ్రీ కూడా అక్కర్లేదు. మీరు సెకనుకు 100 మి.మీ. వేగంతో బయటకు పోతూ ఉంటే ఆ ఆఖరి మిల్లీమీటరుకు దొరికేది సెకనులో నూరో వంతు. అంటే సెకనుకు 875 డిగ్రీల వేగం కావాలి. 60 డిగ్రీలకు 0.17 సెకను అని రాసి ఉండే సర్వో పూర్తి వేగం 350 డిగ్రీలు మాత్రమే. అది అందుకోలేక వెనకబడుతుంది, తర్వాత దూకుతుంది. మీరు చూస్తున్న అదురు అదే.

దీన్నే సింగ్యులారిటీ అంటారు. చేయి నిటారుగా ఉన్నప్పుడు భుజాన్ని తిప్పినా మోచేయిని తిప్పినా పెన్ను పక్కకే జరుగుతుంది. బయటకు గానీ లోపలకు గానీ కదిలించే కీలు ఆ క్షణంలో ఏదీ లేదు. పక్కకు కదలడానికి ఏ ఇబ్బందీ ఉండదు, పోయేది ఆ ఒక్క దిశే. దీనికి మరో ముఖం కూడా ఉంది. నీళ్ళ బకెట్టును చేయి చాచి వేలాడదీసి మోస్తే మోచేతి కండరాలకు శ్రమ తెలియదు. కొసను ఏ దిశలో కదల్చలేమో, ఆ దిశలో వచ్చే బరువును కీళ్ళు దాదాపు బలం లేకుండానే మోస్తాయి. రెండూ ఒకే లెక్కకు రెండు వైపులు.

అక్కడే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. సరిగ్గా 350 దగ్గర `c` విలువ లెక్కలో మిగిలే సూక్ష్మ తేడా వల్ల ఒకటి కంటే పిసరంత ఎక్కువ రావచ్చు. మీ పాత కోడ్‌లో నేరుగా `acos` వాడి ఉంటే దాని నుంచి `nan` వస్తుంది. దాన్ని పూర్ణ సంఖ్యగా మార్చి సర్వోకు పంపితే చేయి ఎటో ఒకవైపుకు ఎగిరిపడుతుంది. పై కోడ్ అలాంటి చోట `false` ఇచ్చి ఆగిపోతుంది. కొందరు `c`ని బలవంతంగా ఒకటికి కుదిస్తారు. చేరలేని చోటుకు పంపినా తప్పు చెప్పకుండా చేయి వేరే చోటికి పోతుంది కాబట్టి నేను ఆ పని చేయను.

చేయి నిటారుగా ఉండే ఈ చోటు ఇన్వర్స్ లెక్కకు వచ్చే జవాబుల ఎంపికకూ సంబంధించింది. (250, 0)కి మోచేయి +90, భుజం -36.87 అన్నాను. మోచేయి -90, భుజం +36.87 పెట్టినా పెన్ను అక్కడే ఉంటుంది, మోచేయి మాత్రం అవతలి వైపుకు పోతుంది. ప్రతి బిందువుకూ ఇలా రెండు రూపాలు ఉన్నాయి, అవి కలిసేది చేయి నిటారుగా చాచినప్పుడు, లేదా పూర్తిగా మడిచినప్పుడే. పై కోడ్ ఎప్పుడూ ధన `s` తీసుకుంటుంది కాబట్టి మీకు గొడవ లేదు. రెండు రూపాలూ వాడాలనుకుంటే గీత మొదలుపెట్టే ముందే ఒకటి ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండండి. గీత మధ్యలో గుర్తు మార్చితే పక్కపక్కనే ఉన్న రెండు బిందువుల మధ్య మోచేయి 180 డిగ్రీలు తిరగాల్సి వస్తుంది. ఆరు కీళ్ళ రోబోల్లో ఈ రూపాలు సాధారణంగా ఎనిమిది దాకా ఉంటాయి. మణికట్టులోని మూడు ఇరుసులూ ఒక బిందువు దగ్గర కలిసేలా వాటిలో చాలావాటిని కడతారు, అప్పుడు స్థానం లెక్క, దిశ లెక్క విడిపోతాయి. అలా మూడు వరుస ఇరుసులు ఒకచోట కలిస్తే ఇన్వర్స్ లెక్కను నేరు సూత్రాలతో తేల్చవచ్చని స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ పీపర్ 1968లో చూపించారు.

మీ చేతికి నేను పెట్టే హద్దు 340 మి.మీ. అక్కడ మోచేయి ఇంకా 28 డిగ్రీలు మడిచే ఉంటుంది, ఒక మిల్లీమీటరుకు 1.4 డిగ్రీలు సరిపోతాయి, సర్వో అందుకోగలదు. లోపలి వైపు కూడా చూసుకోండి. కడ్డీల తేడా 50 మి.మీ., అంతకంటే దగ్గరికి పెన్ను ఎలాగూ రాదు, అక్కడా ఇదే ఇబ్బంది ఉంటుంది. `ik`లో `x*x + y*y` విలువ 340 వర్గాన్ని దాటితే `false` ఇచ్చే ఒక పంక్తి చేర్చి, కాగితాన్ని ఆ వలయం లోపల అతికించండి. తర్వాత అదే గీతను మళ్ళీ గీసి, స్కేలు ఆనించి మధ్యలో నొక్కు ఎంత మిగిలిందో కొలిచి చెప్పండి.